పనికి వారసులం, పొలానికి అనామకులం

మా ఇంటిపేరు వెట్టి. విశ్వవిద్యాలయంలో నా గది తలుపు మీద ఈ పేరు చదివిన కొత్త విద్యార్థులు ఒక్క క్షణం ఆగిపోతారు. అచ్చుతప్పేమోనని కొందరు అనుకుంటారు. ఉద్యమంలోకి వచ్చాక పెట్టుకున్న కలంపేరేమోనని మరికొందరు అడుగుతారు. రెండూ కాదు. ఈ పేరును నాకు పట్టుబట్టి నిలబెట్టింది మా నాయనమ్మ. ఎందుకు నిలబెట్టిందో నాకు పదిహేనేళ్ళ వయసులో ఒక రాత్రి తెలిసింది. దాని పూర్తి అర్థం బోధపడటానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

మాది కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతం. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. మెట్ట పొలాలు, మామిడి తోటలు, వాన పడితేనే నిండే చెరువులు. ఒక అడుగు అటు వేస్తే ఖమ్మం జిల్లా. ఒకప్పుడు ఆ అడుగుతోనే ఇంగ్లీషువాడి రాజ్యం దాటి నిజాం రాజ్యంలోకి వెళ్ళినట్టు. మా ఊరి మాదిగగూడెంలో మమ్మల్ని ‘వెట్టోళ్ళు’ అనేవారు. పిలిచేవారికి అందులో తప్పేమీ కనిపించేది కాదు. బడిలో మాత్రం హాజరు పిలిచిన ప్రతి ఉదయం వెనక బెంచీల నుంచి సన్నని నవ్వు వినిపించేది. ‘వెట్టిదానా’ అన్న పిలుపు నా పేరుకంటే ముందు నన్ను చేరేది.

1994లో నేను పదో తరగతి. పబ్లిక్ పరీక్షలకు నామినల్ రోల్స్ పంపే రోజులవి. ఆ కాగితంలో పేరు ఎలా పడితే సర్టిఫికెట్‌లో అలాగే వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం అదే నిలుస్తుంది. మా తరగతి ఉపాధ్యాయులు నన్ను పక్కకు పిలిచి, “ఇదే అవకాశం తల్లీ, రేపు పెద్ద చదువులకు పోతావు, ఈ పేరెందుకు? మీ ఊరి పేరే ఇంటిపేరుగా రాసేద్దాం, మీ నాన్నగారి చేత ఒక అర్జీ పెట్టించు” అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆ సాయంత్రం నేను ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాను. నాన్న అర్జీ మీద సంతకం పెట్టడానికి కలం తీశాడు కూడా. అప్పుడు పొయ్యి దగ్గర నుంచి నాయనమ్మ లేచి వచ్చింది.

“ఆ కాయితం మీద నువ్వు చెయ్యి పెడితే నేనీ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను” అంది.

నేను ఏడ్చాను. ఊరంతా నవ్వుతోందని, తిండి పెట్టకుండా పని చేయించుకున్నారని చెప్పే పేరును ఎవరైనా మోస్తారా అని అరిచాను. ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. రాత్రి అందరూ పడుకున్నాక దీపం తెచ్చి నా పక్కన కూర్చుని, అటక మీది రేకుపెట్టె దింపించింది. అందులో పాత చీర ముక్కలో చుట్టిన ఒక కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగిపోయి, అన్నం మెతుకులతో అతికించిన కాగితం. “చదువు” అంది. అది ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. తెలుగు మీడియం పదో తరగతి పిల్లను. కూడబలుక్కుని చూస్తే అందులో నాకు స్పష్టంగా అర్థమైన మాట ఒక్కటే: మా ఇంటిపేరు.

నాయనమ్మకు అక్షరం రాదు. అయినా ఆ కాగితంలో ఏ వరుస తర్వాత ఏ వరుస ఉందో ఆమెకు తెలుసు. ఎన్నో ఏళ్ళ క్రితం మా పెదనాన్న చదివి వినిపించినప్పుడు విన్నది విన్నట్టు గుర్తుంచుకుంది. వేలితో వరుసలు చూపిస్తూ ఆ రాత్రి కథ చెప్పింది.

ఆ కథ చెప్పేముందు వెట్టి అంటే మా ప్రాంతంలో ఏమిటో చెప్పాలి. ‘వెట్టి’ అనగానే మన పాఠకులకు తెలంగాణలో దొరలు చేయించుకున్న వెట్టిచాకిరి గుర్తుకొస్తుంది. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ రోజుల నుంచి సాయుధ పోరాటం దాకా ఆ మాట మన రాజకీయ చరిత్రలో నిలిచిపోయింది. సంస్కృతంలోని ‘విష్టి’ నుంచే వెట్టి వచ్చిందని, దానర్థం కూలి లేని పని అని భాషావేత్తలు చెబుతారు. సర్కారు జిల్లాల్లో మాత్రం వెట్టి అనేది ఒక గ్రామ కొలువు పేరు కూడా. కరణం, మునసబు, తలారి, నీరుగంటి, వెట్టి – ఇది గ్రామ పరిపాలనలో మెట్ల వరుస. పై మెట్ల మీద ఏ కులాలుండేవో, అట్టడుగున మాల మాదిగలే ఎందుకుండేవారో ఈ పుటను రోజూ చదివేవారికి వివరించనక్కరలేదు.

వెట్టివాడి పని ఇంతని హద్దు లేదు. శిస్తు డబ్బు మూటతో మునసబు వెంట తాలూకా కచేరీకి నడవాలి. టపా మోయాలి. అజమాయిషీకి అధికారి వస్తే ఆయన పెట్టె, మంచం, గుర్రపు మేత చూడాలి. సర్వేకు గొలుసు పట్టాలి. శిస్తు బకాయి ఉన్న రైతును చావడికి పిలుచుకు రావాలి. సర్కారు ఉత్తరువు వస్తే వీధివీధినా డప్పు వేసి చాటింపు చెయ్యాలి. దీనికి ప్రతిఫలం రెండు రకాలు. మొదటిది కళ్ళం దగ్గర రైతులు కొలిచే మేర. రెండోది కొలువుకు కట్టిన కొద్దిపాటి భూమి, దాని పేరు వెట్టి మాన్యం. ఆ మాన్యం వ్యక్తికి ఇచ్చినది కాదు, కొలువుకు ఇచ్చినది. ఎవరు ఆ పని చేస్తే వారు దాన్ని దున్నుకోవాలి. కాబట్టి మాన్యం రాసిన రిజిస్టరులో మనిషి పేరుకంటే కొలువు పేరే ముఖ్యం.

మా కుటుంబానికి అలా చెరువు కింద ఎకరం ఇరవై సెంట్లు ఉండేది. నాయనమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆమె మామ ఊరి వెట్టి. ఆయన తర్వాత మా తాత. ఇంటి మగవాడి పేర కొలువు ఉంటే ఇంటి ఆడదాని చేత కూడా పని జరుగుతుంది. చావడి ఊడవడం, పేడతో అలకడం, అధికారి వచ్చిన రోజున నీళ్ళు తెచ్చి చావడి బయట కడవలో పెట్టడం నాయనమ్మ పని. “మాన్యం మీ తాత పేర, పని నా పేర” అనేది. ఆ పేరు ఏ కాగితంలోనూ లేదన్నది వేరే సంగతి.

ఇక్కడ చట్టం ఏం చెప్పిందో చూడాలి. మద్రాసు ప్రభుత్వం 1894లో జమీందారీ ఎస్టేట్ల గ్రామ సేవకుల కోసం ఒక చట్టం, 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల కోసం మరో చట్టం తెచ్చింది. 1895 చట్టం రెండు పనులు చేసింది. కొలువు తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించాలంది. కొలువుకు కట్టిన భూమిని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదంది. మొదటిది కులాన్ని సర్కారు కొలువుగా మార్చింది. రెండోది, కాగితం మీదనైనా, ఆ భూమికి ఒక రక్షణ ఇచ్చింది.

ఆ రక్షణ ఎలా కరిగిపోయిందో మా ఇంటి కథే చెబుతుంది. ఒక కరువు సంవత్సరం, ఇంట్లో ఒక పెళ్ళి, నాలుగు బస్తాల ధాన్యం అప్పు. అప్పిచ్చిన రైతు మాన్యం కొనలేడు. కొంటే చెల్లదు, రిజిస్టరు కాదు. అందుకని కొన్నట్టు కాకుండా ‘కౌలు’ అన్నాడు. ఒక చీటీ రాయించి తాత వేలిముద్ర వేయించుకున్నాడు. అప్పు తీరితే పొలం వదులుతానన్నాడు. ధాన్యానికి నాగు వడ్డీ కట్టేవారికి అసలు ఏనాడు తీరుతుంది? ఏటా చీటీ మారింది, వేలిముద్ర పడింది. కొన్నేళ్ళకు అడంగల్‌లో అనుభవదారు గడిలోకి రైతు పేరు వచ్చింది. పైన ‘వెట్టి మాన్యం’ అన్న మాట అలాగే ఉంది, కింద సాగు చేసే మనిషి మారిపోయాడు. కొలువు మాత్రం మారలేదు. పొలం పోయినా తాత శిస్తు మూట మోస్తూనే ఉన్నాడు, నాయనమ్మ చావడి అలుకుతూనే ఉంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఆంధ్ర ప్రాంతంలో ఈనాములను రద్దు చేసి రైత్వారీ పట్టాలుగా మార్చే చట్టం 1956లో వచ్చింది. మాన్యాల విషయమై విచారణలు జరుగుతున్నాయన్న మాట గూడెం దాకా చేరింది. అప్పటికి తాత చనిపోయాడు. నాయనమ్మకు ఒకే ధైర్యం: పెద్దకొడుకు చదువుకున్నాడు. పెదనాన్న మా గూడెంలో హాస్టలుకు వెళ్ళిన మొదటివాడు. హాస్టల్లో చేరేటప్పుడు అక్కడెవరో ‘వెట్టి’ అని రాయడం బాగుండదని ఊరి పేరునే ఇంటిపేరుగా రాశారు. ఇంట్లో అందరూ సంతోషించారు, నాయనమ్మ కూడా.

పెదనాన్న అర్జీ రాశాడు. మాన్యం కొలువుది, కొలువు మా తాతది, నేను ఆయన మనవడిని అన్నాడు. విచారణ రోజున తిరువూరులో కచేరీ మెట్ల మీద పొద్దుటి నుంచి కూర్చున్నారు. లోపలికి పిలిచాక జరిగింది చాలా క్లుప్తం. రిజిస్టరులో ఉన్న పేరుకు మూడు భాగాలున్నాయి. మొదట కులం, తర్వాత కొలువు, చివర మనిషి పేరు. ఆ మనిషి పేరుకు కూడా గౌరవం లేదు, ‘డు’ ప్రత్యయమే ఉంది. అర్జీదారు సర్టిఫికెట్‌లో కులం లేదు, కొలువు లేదు, ఊరి పేరుతో మొదలయ్యే పెద్దమనిషి పేరుంది. ఈ రెండు పేర్లకూ సంబంధం ఏమిటని అడిగారు. ఊళ్ళో అడగండి అన్నాడు పెదనాన్న. ఊరి తరఫున వచ్చిన ఇద్దరు సాక్షులు పాత వెట్టివాడికి సంతతి లేదన్నారు. ఆ సాక్షుల ఇళ్ళ ముందు నుంచే మా తాత ముప్పై ఏళ్ళు చాటింపు వేసుకుంటూ నడిచాడు. నాయనమ్మ ముందుకు వచ్చి, “నేను ఆయన కోడల్నయ్యా, ఈడు నా కొడుకు” అంది. ఏ రిజిస్టరులోనూ లేని ఆడమనిషి మాట ఎవరూ రాసుకోలేదు.

కొన్ని నెలలకు వచ్చిన కాగితమే ఆ రేకుపెట్టెలోది. అర్జీదారు తాను సదరు వెట్టి కుటుంబానికి చెందినవాడినని రుజువు చేసుకోలేకపోయాడు గనుక అర్జీ తిరస్కరించడమైనది. సారాంశం అంతే.

నాయనమ్మ ఆ కాగితాన్ని మడిచి అన్న మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. “మోత మొయ్యాల్సినప్పుడు మా మావ కొడుకెవరో, మనవడెవరో ఊరందరికీ తెలుసే. ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోయేవోళ్ళు. పొలమడిగిన రోజున మేమెవరమో ఎవరికీ తెలీలేదు. పేరు మార్చుకోబట్టే గదా పోయింది. ఆ పేరు పోతే మనకీ ఆ పొలానికీ మధ్యన ఇంకేముంది పిల్లా?”

ఆ తర్వాత ఆమె మా నాన్నను బడికి తీసుకెళ్ళి తానే దగ్గరుండి ‘వెట్టి’ అని రాయించింది. నా పేరు కూడా అలాగే పడింది. మర్నాడు నేను అర్జీ లేకుండానే బడికి వెళ్ళాను. మేష్టారు కారణం అడిగితే, “మా నాయనమ్మ వద్దందండీ” అని మాత్రం చెప్పగలిగాను.

చాలాకాలం నేను దీన్ని ఒక ముసలామె భ్రమగానే చూశాను. పొలం తిరిగి రాదని అందరికీ తెలుసు. పెదనాన్న పేరు మార్చుకోకపోయినా ఆ సాక్షులు అదే అబద్ధం చెప్పేవారు. పేరు సాకు మాత్రమే, అసలు కారణం బలం. ఆ మాట నాయనమ్మతో అన్నాను కూడా. “సాకైనా సరే, దాన్ని ఆళ్ళకెందుకివ్వాల?” అంది.

పరిశోధనలో పడి గ్రామ రికార్డులు చదవడం మొదలుపెట్టాకే ఆమె చెప్పినదాని లోతు అర్థమైంది. మన దళిత కుటుంబాల ఇంటిపేర్లు చాలావరకు మూడు దారుల్లో వచ్చాయి. కొన్ని వచ్చిన ఊరి నుంచి, కొన్ని ఒక పూర్వికుడి పేరు నుంచి, కొన్ని చేసిన పని నుంచి. నోటిమాటలో ఈ పేర్లు ఎప్పుడూ ఉన్నాయి. రాతలో లేవు. పాత రెవెన్యూ రికార్డుల్లో రైతు పేరు ముందు ఇంటిపేరుంటుంది, మా పేర్ల ముందు అదే చోట కులం ఉంటుంది. బడి రిజిస్టరులోకి వచ్చినప్పుడే చాలామందికి మొదటిసారి రాతలో ఇంటిపేరు పడింది. అది కూడా రాసేవారి ఇష్టాన్ని బట్టి పడింది. తాత రెవెన్యూ రికార్డులో ఒక మనిషి, మనవడు బడి రికార్డులో మరో మనిషి. ఈ రెండింటినీ కలిపే కాగితం ఎవరి దగ్గరా లేదు. రెండు తరాల్లో ఒక కుటుంబం గౌరవం సంపాదించుకునే క్రమంలోనే తన ఆస్తికి అపరిచితమైపోగలదు.

పేరు మార్చుకున్నవారిది తప్పని నేననను. హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. రెడ్డి అంటే రేడు, ఏలినవాడు అని, ఈ నేలకు ఆదివాసులమైన మాకు ఆ మాట మీద హక్కుందని చాటాడు. అవమానం నిండిన పేరును వదిలి ఊపిరి పీల్చుకునే స్వేచ్ఛ ప్రతి మనిషికీ ఉంది. మా పెదనాన్న తన కొత్త పేరుతోనే ఉద్యోగం చేశాడు, పిల్లల్ని చదివించాడు. ఆయన తల వంచుకోలేదు, నాయనమ్మ కూడా ఆయన్ను ఎన్నడూ నిందించలేదు. దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న దారి కూడా మన కళ్ళముందే పుట్టింది. నేను అర్జీ ఇవ్వకుండా వెనక్కి తీసుకున్న ఆ 1994లోనే, జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని రాసుకున్నాడు. రెడ్డి, చౌదరి, శర్మ అని ఎవరికీ సంకోచం లేకుండా రాసుకునే సమాజంలో ఆ ఒక్క మాట ఎంత కలవరం రేపిందో ఆ తరానికి గుర్తే. ఆ ఉద్యమం ఎంచుకున్న పేరు కూడా గమనించండి. దండోరా అంటే చాటింపు. సర్కారు ఉత్తరువుకు మా తాత వేసిన డప్పే అది, ఈసారి తన మాట చాటడానికి.

నాయనమ్మది ఈ రెండు దారుల్లో ఏదీ కాదు. ఆమెకు వెట్టి అన్న మాట మీద గర్వం లేదు. ఆ పనిని ఆమె ద్వేషించింది. పేరును మాత్రం ఒక రసీదులా దాచింది. చేయించుకున్న పనికి ఊరు మాకు బాకీ ఉందని చెప్పే రాత అదొక్కటే. రసీదు మీద రాసి ఉన్న మాట బాగాలేదని ఎవరూ దాన్ని చింపేయరు కదా.

చట్టం మా విషయంలో ఎంత విచిత్రంగా నడిచిందో ఇంకొక్క ఉదాహరణ చెబుతాను. గుంటూరు జిల్లాలో పెరవలిపాలెం అనే కొత్త గ్రామం ఏర్పడినప్పుడు మునసబు కొలువు ఎవరికివ్వాలన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. గాజుల దశరథరామారావు కేసుగా అది ప్రసిద్ధం. 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. 1895 చట్టంలోని 6(1) సెక్షన్ పాత ఉద్యోగి కుటుంబానికే కొత్త కొలువులోనూ ప్రాధాన్యం ఇస్తోందని, వంశాన్ని బట్టి వివక్ష చూపడాన్ని రాజ్యాంగం 16వ అధికరణం నిషేధించిందని కోర్టు దాన్ని కొట్టివేసింది. గొప్ప తీర్పు. కానీ ఆ వివాదం మునసబు కుర్చీ గురించి వచ్చింది. వంశాన్ని బట్టి బరువు మోయించడం తప్పని అడగడానికి ఏ వెట్టివాడూ సుప్రీంకోర్టు మెట్లెక్కలేదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసినప్పుడు రాష్ట్రమంతా దాన్ని చర్చించింది. ఆ చావళ్ళు అలికిన ఆడవాళ్ళ సంగతి ఆ చర్చలోకి రాలేదు.

అంటే వంశం ఒక్కటే, దాని రుజువుకు కొలతలు రెండు. పని చెయ్యాల్సి వచ్చినప్పుడు కులం, గూడెం, నోటిమాట చాలు, కొడుకును వెతికి పట్టుకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు. భూమి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మూడు తరాల పేర్లు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నాయనమ్మ కచేరీ మెట్ల మీద ఒక్క పూటలో గ్రహించిన ఈ సంగతిని నేను పరిశోధన చేసి తెలుసుకున్నాను.

ఇదంతా పాత ముచ్చట అనుకునేవారికి ఒక మాట. గ్రామ సేవా ఈనాం భూములు చాలాకాలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉండి రిజిస్ట్రేషన్లకు నోచుకోలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని ఆ జాబితా నుంచి తొలగించింది. ఈనాందారు వారసుల చేతుల్లోనే భూమి మిగిలిన చోట ఇది నిజంగా మేలు. ఎన్నో చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ కుటుంబాలు తమ నేల మీద హక్కును వాడుకునే వీలు కలిగింది. భూమి చీటీల మీద, వేలిముద్రల మీద చేతులు మారిన చోట సంగతి వేరు. అక్కడ నిషేధం తొలగితే లాభపడేది ఇప్పటి అడంగల్‌లో పేరున్న మనిషి. అమ్మడానికి వీల్లేదన్న ఆ పాత అడ్డు, బలహీనంగానే అయినా, ఇన్నాళ్ళూ ఒక ప్రశ్నను బతికించి ఉంచింది. అది తొలగితే ప్రశ్న కూడా తొలగిపోతుంది.

అందుకే నేను కోరేది ఒకటే, అది పెద్ద ఖర్చుతో కూడినది కూడా కాదు. ప్రతి గ్రామంలో సేవా ఈనాం సర్వే నంబర్ల జాబితాను గ్రామసభలో చదవాలి. పాత రిజిస్టరులో ఏ కొలువు పేర ఉందో, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉందో రెండు గడులూ పక్కపక్కన గోడ మీద అంటించాలి. కొలువు చేసిన కుటుంబాల వాళ్ళు, పేర్లు మారినవాళ్ళు కూడా, తమ మాట చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. వారసత్వ రుజువుకు సర్టిఫికెట్‌లోని ఇంటిపేరునే గీటురాయిగా పెట్టకూడదు. ఆ పేర్లను మార్చింది బడులూ హాస్టళ్ళే అయినప్పుడు ఆ మార్పు భారం పిల్లల మీద వెయ్యడం న్యాయం కాదు. గూడెంలోని ముసలి ఆడవాళ్ళ వాంగ్మూలాన్ని సాక్ష్యంగా రాసుకోవాలి. అన్ని భూములూ వెనక్కి వస్తాయని నేను నమ్మను. ఎవరి పనికి కట్టిన నేల ఎవరి చేతికి ఎలా వెళ్ళిందో కనీసం ఊరి గోడ మీద ఒకసారి కనిపించాలి.

మా ఎకరం ఇరవై సెంట్లలో ఇప్పుడు మామిడి తోట ఉంది. నాయనమ్మ చివరిదాకా ఆ గట్టు మీదుగా వెళ్ళేటప్పుడు నడక నెమ్మది చేసేది, ఏమీ అనేది కాదు. ఆమె పోయాక రేకుపెట్టె నాకు వచ్చింది. కిందటేడు నా కూతురి బడిలో ఫారం నింపుతుంటే, “అమ్మా, మన ఇంటిపేరు మార్చుకోవచ్చా?” అని అడిగింది. నాకు కోపం రాలేదు. ఆమె వయసులో నేనూ అదే అడిగాను. మార్చుకోవచ్చని చెప్పాను. అది ఆమె హక్కు. అయితే ముందు ఈ కాగితం చదవమని పెట్టె తీశాను. ఇంగ్లీషు మీడియం పిల్ల, గడగడా చదివేసింది. చదివి, కాసేపు ఊరుకుని, “వాళ్ళకు నిజంగా తెలియదా, తెలిసే అన్నారా?” అని అడిగింది.

ఫారంలో ఇంటిపేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. కలం నా కూతురి చేతిలో ఉంది.